గాలి లెక్క: డైరెక్టర్ గారి ముందు నా అనుభవం

జీడిమెట్లలో ప్లాస్టిక్ సీసాలు, మూతలు తయారుచేసే ఒక కర్మాగారంలో నేను మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మా గాలి గొట్టాలలోని లీకులను ఆపితే కరెంటు బిల్లు తగ్గుతుందని ఆపరేషన్స్ డైరెక్టర్ గారికి ప్రతిపాదించి, ఒక చిన్న పైలట్ నడిపి, నిన్ననే మిగతా షెడ్లకూ అనుమతి తెచ్చుకున్నాను. ఆయన అపాయింట్‌మెంట్ ఒక్క మెయిల్‌తోనే దొరికింది, స్లైడ్లు ఒక సాయంత్రంలో పూర్తయ్యాయి. అసలు కథంతా ఆ గదిలో గడిచిన పదిహేను నిమిషాలది.

మా ప్రాంగణంలో యంత్రాలకు గొట్టాల ద్వారా గాలి పంపే 55 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్ ఒకటి ఉంది. ఉత్పత్తి లేని ఒక ఆదివారం నాడు, గాలి వాడే యంత్రాలన్నీ ఆపివేసి, కంప్రెసర్‌ను మాత్రం నడిపించి, అది ఎంతసేపు లోడ్‌లో, అంటే గాలి నింపుతూ ఉంటుందో, ఎంతసేపు అన్‌లోడ్‌లో, అంటే గాలి నింపకుండా ఖాళీగా తిరుగుతూ ఉంటుందో స్టాప్‌వాచ్‌తో పది విడతలు కొలిచాను. సగటున 90 సెకన్లు లోడ్, 210 సెకన్లు అన్‌లోడ్ వచ్చింది. ఎవరూ గాలి వాడని రోజున కూడా కంప్రెసర్ మూడు వందల సెకన్లలో తొంభై సెకన్లు గాలి నింపుతున్నదంటే, దాని సామర్థ్యంలో 30 శాతం లీకులకే పోతున్నదని అర్థం. ఇంతవరకు నా పని సరిగానే ఉంది.

ఆ తరువాత నేను చేసిన లెక్క ఇది. లోడ్‌లో కంప్రెసర్ 58 కిలోవాట్లు తీసుకుంటుంది కనుక, అందులో 30 శాతం అంటే 17.4 కిలోవాట్లు వృథా. దానిని రోజుకు 24 గంటలతో, ఏడాదికి 365 రోజులతో గుణించి, మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగిస్తే వచ్చిన తొమ్మిదిన్నర రూపాయల రేటు కట్టి, ఏడాదికి పద్నాలుగున్నర లక్షలు మిగులుతాయని మొదటి స్లైడులోనే పెద్ద అక్షరాలతో రాశాను. మా మేనేజర్ గారు ముందురోజు ఆ స్లైడు చూసి, సంఖ్యను ఒక్కసారి కూడా గుణించి చూడకుండా, "చాలా బాగుందయ్యా" అన్నారు. ఆయన మెచ్చుకోలును పరీక్షగా భావించడం నా తప్పే.

డైరెక్టర్ గారు స్లైడు చూసి ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న ఫైనాన్స్ మేడమ్ గారు మాత్రం చాలా నెమ్మదిగా, "లీకులు ఆగితే కంప్రెసర్ అన్‌లోడ్‌కు వెళుతుంది కదండీ, అప్పుడు మోటారు ఆగిపోతుందా?" అని అడిగారు. ఆగదని చెప్పాను. "మరి అప్పుడు ఎంత కరెంటు తీసుకుంటుంది?" నా దగ్గర జవాబు లేదు. క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూశానని చెబితే, ఖాళీగా తిరిగే మోటారుకు పవర్ ఫ్యాక్టర్ పడిపోతుందని, ఆంపియర్లు చూసి కిలోవాట్లు ఊహించకూడదని డైరెక్టర్ గారే అందుకున్నారు. అప్పుడు మేడమ్ గారు నా స్లైడును మళ్లీ ఒకసారి చూసి, "ఇది గాలి గురించిన లెక్కా, గాలి లెక్కా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. మా మేనేజర్ గారు కూడా నవ్వారు, ఆ తరువాత ఫోను చూసుకోసాగారు.

నవ్వు ఆగిన తరువాత కూడా ఆవిడ వదలలేదు. లీకులను సున్నాకు తేగలరా అని అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే పది శాతం దగ్గర ఆగడమే మంచి ఫలితం. ఆదివారాలు, పండుగలు పోను మేము ఏడాదికి నడిపేది సుమారు 7,200 గంటలేనని గుర్తుచేశారు. చివరగా రేటు: బిల్లులో డిమాండ్ చార్జీ వేరుగా ఉంటుంది, లోడ్‌లో ఉన్నప్పుడు కంప్రెసర్ తీసుకునే గరిష్ఠ విద్యుత్తు లీకులు ఆగినా మారదు కనుక ఆ చార్జీ తగ్గదు, తగ్గేది యూనిట్ చార్జీ మాత్రమే, అది మాకు సుమారు ఎనిమిది రూపాయలు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ కష్టమైన ప్రశ్న కాదు, అందుకే అవమానం ఎక్కువైంది. వారం తరువాత మళ్లీ రమ్మన్నారు.

ఆ వారంలో కిలోవాట్ మీటరు అద్దెకు తెచ్చి అన్‌లోడ్‌లో కొలిస్తే 20 కిలోవాట్లు చూపించింది. అంటే లోడ్ నుంచి అన్‌లోడ్‌కు మారితే మిగిలేది 58 కాదు, 38 మాత్రమే. లీకులు 30 శాతం నుంచి 10 శాతానికి వస్తే, 38లో 20 శాతం, అంటే 7.6 కిలోవాట్లు, దానిని 7,200 గంటలతో, ఎనిమిది రూపాయలతో గుణిస్తే 4 లక్షల 38 వేలు. పద్నాలుగున్నర లక్షల మనిషిని నాలుగు లక్షలతో తిరిగి వెళ్లడానికి సిగ్గుపడ్డాను గాని, రెండవసారి ఆ సంఖ్యను ఎవరూ కదిలించలేకపోయారు, అది మాత్రం గర్వంగానే చెబుతాను.

పైలట్ విషయంలో ఒక చిక్కు వచ్చింది. కంప్రెసర్ రోజుకు దాదాపు 1,160 యూనిట్లు వాడుతుంది. ఉత్పత్తి పెరిగినా తగ్గినా అది రోజుకు వంద యూనిట్లు అటూ ఇటూ అవుతుంది. ఒక్క షెడ్డులో లీకులు ఆపితే తగ్గేది ఎనభై యూనిట్లకు అటూ ఇటూగానే కనుక, రోజువారీ మీటరులో అది కనబడదు, కనబడినా ఎవరూ నమ్మరు. అందుకని ఆదివారం పరీక్షనే కొలమానంగా పెట్టమని ముందే అడిగి, రాతపూర్వకంగా ఒప్పించుకున్నాను. రెండవ షెడ్డు వాల్వు మూసి కొలిచినప్పుడు 30 శాతం కాస్తా 18కి దిగింది, అంటే పన్నెండు శాతం ఆ ఒక్క షెడ్డుదే. దానిని సరిచేసి మొత్తం 22 శాతానికి గాని, అంతకన్నా తక్కువకు గాని తెస్తే పైలట్ నెగ్గినట్లు, లేకపోతే ఆపివేసేటట్లు ఒప్పందం కుదిరింది. ఇలా ముందుగా గీత గీయించుకోకపోతే, ఫలితం వచ్చిన తరువాత గీతను జరిపే మనుషులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

మా ఫిట్టర్ అన్న సబ్బు నీళ్లు పట్టుకుని గొట్టం వెంబడి నడిచాడు, నేను బుడగలు వచ్చిన ప్రతిచోటా ఎర్ర ట్యాగు కట్టాను. ఎక్కువ లీకులు పెద్ద గొట్టాలలో కాదు, యంత్రాల దగ్గరి పీయూ ట్యూబుల ఫిట్టింగుల వద్ద దొరికాయి. పర్చేజ్ విభాగం వారు పుష్ ఫిట్టింగులకు మూడు కొటేషన్లు కావాలని పదకొండు రోజులు తిప్పారు. మీరు పైలట్ గడువు రాసేటప్పుడు ఈ రోజులను మరచిపోకండి. మొత్తం ఖర్చు 26 వేలు.

మార్పులైన మొదటి ఆదివారం 25 శాతం వచ్చింది, నాకు చెమట పట్టింది. షెడ్డంతా నిశ్శబ్దం చేసి వింటే, మూలనున్న ఒక డ్రెయిన్ వాల్వు పూర్తిగా మూసుకోకుండా సన్నగా బుస కొడుతున్నది. దానిని మార్చాక, తరువాతి ఆదివారం లోడ్ 63 సెకన్లు, అన్‌లోడ్ 237 సెకన్లు, అంటే 21 శాతం. తొమ్మిది శాతం తగ్గింపుకు ఏడాదికి దాదాపు 1 లక్షా 97 వేలు.

నిన్నటి సమావేశంలో ఫైనాన్స్ మేడమ్ గారు నా కాగితం మీద స్వయంగా గుణించి చూసి, సంతకం పెట్టి, ఆరు నెలల తరువాత ఇదే ఆదివారం పరీక్ష మళ్లీ చేసి చూపించాలని షరతు రాశారు, ఎందుకంటే ఫిట్టింగులు మళ్లీ వదులవుతాయి. మా మేనేజర్ గారు "ఇది మా విభాగం ఆలోచన" అన్నారు. మిగతా షెడ్ల ఫిట్టింగుల కోసం ఈ ఉదయమే పర్చేజ్ వారికి ఇండెంటు ఇచ్చాను, మూడు కొటేషన్లు కావాలన్నారు.