ఏడుపు ఆగిపోయిన తరువాత: హాస్టల్‌లో మా అబ్బాయి మొదటి ఏడాది

మా అబ్బాయిని ఆరో తరగతిలో హాస్టల్ ఉన్న బడిలో చేర్పించినప్పుడు వాడికి 11 ఏళ్లు. బెంగ పెట్టుకుంటాడని అందరూ ముందే చెప్పారు కనుక, మొదటి ఆదివారం ఫోనులో మాటలకన్నా వెక్కిళ్లే ఎక్కువగా వినిపించినా తట్టుకోగలిగాను. ఏడో వారంలో వాడు ఏడవడం మానేసినప్పుడు మాత్రం, అలవాటుపడ్డాడని సంతోషించి, దాదాపు నెల రోజులు పోగొట్టుకున్నాను.

ప్రతి ఫోను తరువాతా క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో ఒక ముక్క రాసుకునేదాన్ని. మొదటి వారం "మొత్తం ఏడుపే" అని, రెండో వారం "పెట్టేసే ముందు ఏడుపు" అని, ఐదో వారం "రెండు నిమిషాలు ఏడ్చి, క్యారమ్స్ ఆట గురించి చెప్పాడు" అని ఉంది. ఫోను పెట్టేసిన కాసేపటికే ఆటలో పడిపోతున్నాడని వార్డెన్ గారు చెబితే, నన్ను ఊరడించడానికే అంటున్నారనుకున్నాను. కానీ మామూలు బెంగ అలాగే ఉంటుందని తరువాత తెలిసింది. అది పని లేని వేళల్లో, ముఖ్యంగా దీపాలు ఆర్పేశాకా, సెలవు రోజు మధ్యాహ్నం పూటా, ఇంటి గొంతు విన్నప్పుడూ పొంగి, మధ్యలో పిల్లవాణ్ణి తిననిస్తుంది, ఆడుకోనిస్తుంది, వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

ఆ తగ్గుదలను నేనే కొంత ఆలస్యం చేశాను. దింపి వచ్చే రోజు వాడి ఏడుపు చూడలేక, "ఒక నెల చూడు, నచ్చకపోతే తీసుకొచ్చేస్తాను" అని మాటిచ్చాను. ఆ మాట పట్టుకుని వాడు పెట్టెలోంచి బట్టలు అల్మరాలో సర్దుకోనేలేదట, పక్క మంచం పిల్లవాడితో స్నేహమూ చేయలేదట. వెళ్లిపోయేవాడికి అవన్నీ ఎందుకు? నెల దాటాక నేను మాట తప్పడంతో, మరేదైనా కష్టం వస్తే నాతో చెప్పుకోవచ్చన్న నమ్మకం కూడా వాడిలో కొంత సడలింది.

ఏడో వారం నుంచి క్యాలెండర్ గడుల్లో "బాగానే ఉన్నాడు" అన్న ముక్కే వరుసగా కనిపిస్తుంది. నిజానికి వాడు చెప్పేది కూడా అంతే: తిన్నావా అంటే తిన్నాను, చదువుతున్నావా అంటే చదువుతున్నాను. క్యారమ్స్ ఊసు లేదు, తమ్ముడి గురించి అడగడం లేదు, ఎప్పుడు వస్తావమ్మా అన్న ప్రశ్న కూడా లేదు. ఫోను వార్డెన్ గదిలో స్పీకరులో పెట్టి మాట్లాడిస్తారనీ, వెనకాల తమ వంతు కోసం పెద్ద తరగతుల పిల్లలు నిలబడి ఉంటారనీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పొడి జవాబులనే నమ్మాను.

సెలవులకు ఇంటికి వచ్చిన రెండో రోజు తెల్లవారకముందే లేచి, తడిసిన దుప్పటి ఉతుక్కుంటుంటే చూశాను. నాలుగేళ్లకే పక్క తడపడం మానేసిన పిల్లవాడు! మందలించకుండా దుప్పటి అందుకుని ఆరేశాను, అదే రోజు పిల్లల వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాను. చాలాకాలం పొడిగా ఉన్న పిల్లలు మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే దాన్ని మొండితనమనో బద్ధకమనో అనుకోకూడదని ఆవిడ ముందే చెప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చక్కెర ఉన్నాయేమోనని పరీక్ష చేయించారు. రెండూ లేవు. కానీ పొట్ట నొక్కి చూసి మలబద్ధకం బాగా ఉందన్నారు, బరువు రెండు కిలోలు తగ్గింది. మలం పేరుకుపోయి మూత్రాశయాన్ని నొక్కితే రాత్రిళ్లు ఆపుకోలేకపోవడం సహజమేనని చెప్పి, వాణ్ణి అడిగారు: "సాయంత్రం ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతావు?" వాడు నా వైపు చూసి, "సాయంత్రం తాగను" అన్నాడు.

నన్ను కాసేపు బయట కూర్చోమని ఆవిడ వాడితో విడిగా మాట్లాడారు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగానే అడిగారట. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదనీ, ఉన్నది బయటపడుతుందనీ, వాడు అవునని ఉంటే తిరిగి పంపే మాట ఆ క్షణమే ఆగిపోయేదనీ నాతో అన్నారు. అనిపించలేదని వాడు చెప్పాడు.

ఆవిడ సలహాపై కలిసిన కౌన్సెలర్ నాకొక తేడా విడమరిచి చెప్పారు. బెంగ పడిన పిల్లవాడు ఇంటికి రాగానే తేరుకుంటాడు, వెళ్లే రోజు దగ్గరపడితే దిగులుపడతాడు. మనసు కుంగినవాడికి ఇల్లు కూడా మందు కాదు, ఇష్టమైన ఆట కూడా వారాల తరబడి రుచించదు. భయపడుతున్నవాడి బాధ ఫలానా చోటుకో, ఫలానా వేళకో, ఫలానా మనిషికో కట్టుబడి ఉంటుంది. ఈ మూడూ కలిసి కూడా ఉండవచ్చు కనుక, "ఎవరైనా కొడుతున్నారా" అని మనమే జవాబు అందించకుండా, వాడి రోజును వాడి చేతనే చెప్పించమన్నారు.

ఆ రాత్రి తెల్ల కాగితం ఇచ్చి హాస్టల్ బొమ్మ గీయమన్నాను. మంచాలు, కిటికీ, భోజనశాల, మైదానంలో చెట్టు వరకు గీశాడు. స్నానాల గదులు మాత్రం లేవు. అవి ఎక్కడున్నాయని అడిగితే వరండా చివర చిన్న చదరం గీసి, దానికి ముందున్న గదిని పెన్సిలుతో నల్లగా రుద్దేశాడు. అది పెద్ద పిల్లల గది. చీకటి పడ్డాక అటు వెళ్లిన చిన్నవాళ్లను స్నానాల గదిలో ఉంచి బయట గడియ పెట్టి, ఏడ్చేదాకా తీయకపోవడం వాళ్లకు ఆట. ఒకసారి మా వాణ్ణి చాలాసేపు అలా ఉంచారట. అప్పటి నుంచి సాయంత్రం నీళ్లు మానేసి, రాత్రంతా ఆపుకుని, ఉదయం క్లాసుకు ఆలస్యమవుతుందని మలవిసర్జన కూడా వాయిదా వేసుకుంటూ వచ్చాడు. "ఎవరికీ చెప్పనని ఒట్టేయమ్మా" అన్నాడు. ఈసారి తప్పుడు మాట ఇవ్వలేదు. ఆపగలిగినవాళ్లకు మాత్రం చెబుతాననీ, ఎవరికి, ఏం చెబుతానో ముందుగా వాడితోనే అంటాననీ చెప్పాను.

ప్రధానోపాధ్యాయుడి దగ్గరకు వైద్యురాలి చీటీతో పాటు, తేదీలతో రాసిన కాగితం తీసుకువెళ్లాను. పిల్లలన్నాక ఇవన్నీ మామూలేనని మొదట అన్నారు. వాదించకుండా ఆ గడియ చూపించమన్నాను. తలుపుకు బయటివైపున నిజంగానే ఉంది. దాన్ని తీయించాలని, వరండాలో రాత్రంతా దీపం వెలగాలని, పడుకునే వేళ అక్కడ ఒక పెద్దమనిషి ఉండాలని, మా వాడి పేరు బయటపెట్టకుండా చిన్నపిల్లలందరినీ విడివిడిగా అడగాలని, ఫోను ఒంటరిగా మాట్లాడనివ్వాలని కోరాను. వాళ్లు అడిగితే మరో నలుగురు అదే చెప్పారు.

మలబద్ధకం తగ్గే మందు వాడుతూ వాణ్ణి మూడు వారాలు ఇంట్లోనే ఉంచుకున్నాము. తిరిగి వెళ్లడం వాడే ఒప్పుకున్నాడు కానీ, నీళ్లు తాగకపోవడమో పక్క తడపడమో మళ్లీ మొదలైతే ఆ వారమే తెచ్చేసుకుంటామని నేనూ మా ఆయనా ముందే నిర్ణయించుకున్నాము. వాడికి మాత్రం గడువేదీ చెప్పలేదు. తిరిగి వెళ్లిన తొలి ఆదివారం, గదిలో ఎవరూ లేరని చెప్పి మరీ, ఇల్లు గుర్తొస్తోందని ఏడ్చాడు. తరువాత, కొత్త మంచం కిటికీ పక్కన వచ్చిందని చెప్పాడు. క్యాలెండర్‌లో "నాలుగు నిమిషాలు ఏడ్చాడు, కిటికీ" అని రాసుకున్నాను.