జేఏఐఐబీ: ఒక పేజీ నోట్సు, మాస్టారికి రాసిన ఉత్తరం

పిల్లల్ని పడుకోబెట్టాక, బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్షకి పుస్తకం తీసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది విజయనగరం, ఉద్యోగం శ్రీకాకుళంలో ఒక బ్యాంకు బ్రాంచిలో. పుస్తకం ముట్టి పద్నాలుగేళ్లయింది. ఆమదాలవలస దాకా రైల్లో ఒక గంట, రాత్రి ఇంకో గంట, నాకు దొరికేది అంతే. అందుకే ఎన్‌పీఏలు, అంటే మొండిబాకీలు, వాటి నష్టానికి బ్యాంకు పక్కన పెట్టాల్సిన సొమ్ము, అంటే ప్రొవిజన్, ఈ పాఠం మొత్తాన్ని ఒక్క పేజీలోకి కుదించాను. మాక్ టెస్టులో ఆ పేజీయే నన్ను ముంచింది. రిటైరైన బ్యాంకు ఆఫీసరు ఒకాయన మాకు పాఠాలు చెబుతారు. ఆయనకి ఇలా రాశాను:

"మాస్టారికి నమస్కారం. ఎన్‌పీఏ పేజీ ఫొటో పంపుతున్నాను. బాగుందో లేదో కాదండీ, కుదించేటప్పుడు ఏ మాట పారేసుకున్నానో చూసి పెట్టండి. నా పేజీలో ఉన్నది ఇదీ: 90 రోజులు దాటి బకాయి ఉంటే ఎన్‌పీఏ. మొదటి 12 నెలలు సబ్‌స్టాండర్డ్, ప్రొవిజన్ 15 శాతం. తర్వాత డౌట్‌ఫుల్: ఏడాది వరకు 25, ఒకటి నుంచి మూడేళ్ల వరకు 40, మూడేళ్లు దాటితే 100. లాస్ అయితే 100.

మాక్ టెస్టు ప్రశ్న: బాకీ 10 లక్షలు, సెక్యూరిటీ విలువ 6 లక్షలు. ఖాతా 2023 సెప్టెంబరు 10న ఎన్‌పీఏ అయింది. 2025 మార్చి 31కి ప్రొవిజన్ ఎంత? ఏడాదిన్నర దాటింది కదా అని 40 శాతం వేసి 4 లక్షలు పెట్టాను. తప్పు. పుస్తకం తిరగేస్తే, డౌట్‌ఫుల్‌లో ఆ శాతం సెక్యూరిటీ ఉన్న భాగం మీదేననీ, సెక్యూరిటీ లేని భాగానికి నూటికి నూరూ పెట్టాలనీ ఉంది. మళ్లీ వేశాను: 6 లక్షల్లో 40 శాతం 2.4, మిగతా 4, మొత్తం 6.4 లక్షలు. కీలో మాత్రం 5.5 ఉంది. కీ తప్పా, నేనా? మా బాబు ఏడో తరగతి లెక్కలు పక్కన పెట్టి మరీ రెండుసార్లు చూశాను."

ఆదివారం పేజీ తిరిగొచ్చింది. నేను రాసిన ప్రతి శాతం పక్కనా ఎర్ర పెన్నుతో 'దేని మీద?' అనీ, ప్రతి కాలం పక్కనా 'ఎప్పట్నుంచి?' అనీ ఉంది. కింద ఇలా రాశారు:

"కీ తప్పు కాదమ్మా. ఆ ఏడాది, ఆ మూడేళ్లు ఎన్‌పీఏ అయిన రోజు నుంచి కాదు, డౌట్‌ఫుల్ అయిన రోజు నుంచి లెక్క. మొదటి 12 నెలలు సబ్‌స్టాండర్డ్‌కే పోయాయి. ఈ ఖాతా 2024 సెప్టెంబరులో డౌట్‌ఫుల్ అయింది, మార్చికి ఆరు నెలలు దాటింది, అంతే. అంటే ఇంకా 25 శాతం దశలోనే ఉంది. 6 లక్షల మీద 1.5, సెక్యూరిటీ లేని 4 లక్షలకి 4, మొత్తం 5.5."

ఎన్‌పీఏ అయిన రోజు నుంచే లెక్కపెట్టాలనుకుంటే రెండేళ్ల వరకు 25, నాలుగేళ్ల వరకు 40, ఆపైన 100 అని గుర్తుపెట్టుకుంటే చాలు. నా పేజీలో ఇప్పుడు ఈ వరస పెద్దక్షరాలతో ఉంది.

'దేని మీద?' అన్న ప్రశ్న ఇంకోచోట కూడా పట్టేసింది. సబ్‌స్టాండర్డ్ దగ్గర నేను సెక్యూరిటీ తీసేసి మిగతాదాని మీద 15 శాతం వేసేదాన్నేమో. అలా కాదట, 15 శాతం మొత్తం బాకీ మీదే. ఇదే ఖాతాకి 2024 మార్చిలో ప్రొవిజన్ 1.5 లక్షలు. అప్పు ఇచ్చినప్పుడే సరైన సెక్యూరిటీ లేకపోతే 15 కాదు, 25.

ఇంకో వరస ఆయనే చేర్చారు. సెక్యూరిటీ విలువ ముందు కట్టిన అంచనాలో సగానికన్నా తగ్గిపోతే 12 నెలలు ఆగక్కర్లేదు, ఖాతా నేరుగా డౌట్‌ఫుల్‌లోకి వెళుతుంది. బాకీలో పదో వంతు కన్నా తగ్గిపోతే లాస్. ప్రశ్నలో రెండు రకాల సెక్యూరిటీ విలువలు ఇచ్చారంటే తేదీలు చూసే ముందు ఈ వరస చూడాలి.

పేజీ ఇప్పుడు ఒకటిన్నర పేజీ అయింది. పొందూరు దాటేలోపు ఒకసారి చదవడం అవుతోంది. పంట రుణం ఎన్ని సీజన్లు బకాయి ఉంటే ఎన్‌పీఏ అవుతుందో ఆ పేజీ మొన్న పంపాను, 'స్వల్పకాలిక పంటకి రెండు సీజన్లు, దీర్ఘకాలికానికి ఒకటి' అని ఒక్క ముక్కలో రాసి. ఎర్ర పెన్ను మళ్లీ వచ్చింది: 'ఎంత కాలం పడితే దీర్ఘకాలికం?' పంట సీజను ఏడాది దాటితే, అని రాసి రాత్రే తిప్పి పంపాను.