ఒక్క ‘కి’ పోయిన చోట

ఇవాళ హన్మకొండలో సాయంత్రం అరిథ్‌మెటిక్ క్లాసు అయిపోయాక, పరకాల నుంచి వచ్చే అమ్మాయి గ్రూప్-2 మోడల్ పేపర్ పట్టుకుని ఆగింది. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. “సార్, లెక్క మంచిగనే చేసిన కదా, కీల వేరే ఉన్నదేంది?” అంది.

తెలుగులో ప్రశ్న ఇలా ఉంది: ఒక ఫ్యాక్టరీ నెలకు 25,000 వస్తువులు తయారు చేసేది, ఉత్పత్తి 80 శాతం తగ్గింది, ఇప్పుడు ఎన్ని? ఆమె 20,000 తీసేసి 5,000 అని బబుల్ చేసింది. తెలుగు చదివిన ఎవరైనా అదే చేస్తారు. పైన ఇంగ్లీషులో ఉన్నది మాత్రం 80 శాతానికి తగ్గిందని. జవాబు 20,000. అనువదించినవాళ్లు ‘కి’ వదిలేశారు, లెక్క మొత్తం తిరగబడింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆప్షన్లు. 5,000 అక్కడ ఉంది. ఇంగ్లీషులో ‘టు’ను ‘బై’గా చదివేవాళ్లు పడాలని ప్రశ్న తయారుచేసినవారే ఆ తప్పు జవాబును పెడతారు. అనువాదం తెలుగు పిల్లను నేరుగా దాని మీదికే తీసుకెళ్లింది. వచ్చిన అంకె ఆప్షన్లలో లేకపోతే అనుమానం వచ్చి మళ్లీ చూసుకునేది. ఉంది కాబట్టి ధైర్యంగా ముందుకు పోయింది.

ఇలాంటి పేపర్ల మీద, రెండు భాషలకూ తేడా వస్తే ఇంగ్లీషే ప్రామాణికం అని ఒక సూచన ఉంటుంది. అంటే తెలుగులో రాసేవాళ్లు ఇంగ్లీషు కూడా సరిచూసుకోవాలి. గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ప్రశ్నకు నిమిషమే. ఆ నిమిషంలో రెండుసార్లు చదవమనడం న్యాయం కాదు, ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

అయినా పరీక్ష రాయాల్సింది వాళ్లే కదా. అందుకే, ప్రశ్నంతా తెలుగులోనే చదివి, బబుల్ చేసే ముందు ఇంగ్లీషు లైన్లో అంకె పక్కనున్న చిన్న మాట ఒక్కటి చూడమన్నాను: టు ఉందా, బై ఉందా. సంభావ్యత లెక్కలైతే ‘కనీసం’, ‘గరిష్ఠంగా’ అన్నవి. మూడు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం 7/8, గరిష్ఠంగా ఒకటే అయితే 1/2. అక్కడ మాట మారితే ఇదే గతి.

అసలు పరీక్షలో ఇలా జరిగితే, ప్రాథమిక కీ వచ్చాక గడువులోపు అభ్యంతరం పెట్టాలి. “నా జవాబు కరెక్టు” అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి, దేనికి ఏ జవాబు వస్తుందో లెక్క చేసి చూపాలి. తుది కీలో ప్రశ్న తొలగించడం, రెండు జవాబులకూ మార్కు ఇవ్వడం ఉన్నవే. ఈ ప్రశ్నకైతే రెండూ ఒప్పుకోవాలి.

ఆమెతోనే ఆ కాగితం రాయించాను. రేపు పేపర్ తయారుచేసినవాళ్లకు ఇచ్చి వస్తాను.