గానుగ రీల్‌కి క్యాప్షన్లు పెట్టించడం: నా అనుభవం

కోపం చల్లారక ముందే రాసేస్తున్నా. చంద్రగిరి దగ్గర మాది చిన్న గానుగ. చెనక్కాయ నూనె, కొద్దిగా నువ్వుల నూనె తీస్తాం. అందరూ పెడుతున్నారు కదా, లోపల పని ఎలా జరుగుతుందో మనమూ ఒక రీల్‌లో చూపిద్దాం అని మా ఆవిడ పోరు పెట్టింది. షూటింగ్ ఇబ్బందే లేదు, మా మేనల్లుడు ఫోన్‌తోనే తీసేశాడు. విత్తనాలు ఏరడం, గానుగలో పోయడం, నీళ్లు చల్లడం, నూనె కారడం, తేరబెట్టడం, సీసాలకు పట్టడం, అంతా కలిపి అర నిమిషం. గానుగ చప్పుడులో మాట వినపడదు కాబట్టి తెర మీద అక్షరాలు కావాలి. అందుకని తిరుపతిలో ఒక స్టూడియోకి ఇచ్చాం. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ముందు వాళ్లు రాసిచ్చిన మాటలు చూడండి. 'గుండెకు రక్ష', 'కొలెస్ట్రాల్‌ను తరిమే నూనె', 'అస్సలు వేడి తగలని నూనె'. నేను వద్దన్నా. చెట్టు నుంచి వచ్చిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, ఇక తరమడం ఏంటి? పైగా నూనె ప్రకటనల్లో 'యాంటీ కొలెస్ట్రాల్', 'సూతింగ్ టు హార్ట్' లాంటి అతిశయోక్తులు వాడకూడదని ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లోనే రాసుంది. ఆ వేడి సంగతి కూడా అంతే. రోకలి రాపిడికి గానుగలో పిండి వెచ్చబడుతుంది, కారే నూనె కింద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. బయట నుంచి మంట పెట్టం అంతే. చూసేవాడికి గానుగ తెలిసుంటే ఆ ఒక్క మాటతో మన పరువు పోతుంది. 'అన్నా, మీకు తెలీదు, జనానికి ఇవే కావాలి' అన్నాడు ఆ స్టూడియో అబ్బాయి. ఇరవై ఏళ్లుగా నూనె అమ్ముతున్న నాకు!

సరే, మాటలు నేనే రాసి వాట్సాప్‌లో పంపించా. తెర మీదికి వచ్చేసరికి ఒత్తులు అక్షరం కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి. 'చెక్క' అని రాస్తే 'చెక్‌క' అని వచ్చింది. 'తెలుగు ఇంతే అన్నా, ఇంగ్లీషులో పెట్టేద్దాం' అన్నాడు. తెలుగు తప్పేం లేదు. వీడియో ఎడిటింగ్‌కి వాళ్లు వాడే ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో South Asian and Middle Eastern అనేది ఎంచుకుని, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ పెడితే సరిపోయింది. ఇది కనుక్కుని చెప్పింది మా మేనల్లుడు, డిగ్రీ చదివే పిల్లోడు. డబ్బులు మాత్రం స్టూడియోకి.

అసలు అవమానం నీళ్లు చల్లే షాట్ దగ్గర జరిగింది. గానుగ పని తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఒక్కో వాయికి పదిహేను కిలోల దాకా విత్తనాలు పోస్తాం. అవి నలిగి పొడి పొడిగా ఉన్నంతసేపు నూనె బయటికి రాదు, పిండిలోనే పట్టుకుని ఉంటుంది. అప్పుడు చేత్తో కాసిన్ని నీళ్లు చల్లితే పిండి తడిసి ముద్ద కడుతుంది, ముద్ద కట్టాక నూనెను వదులుతుంది. చల్లిన తడి చాలావరకు నూనె పోగా మిగిలే పిప్పిలోకే, అంటే చెక్కలోకే పోతుంది. నూనెలో ఏదైనా మిగిలినా తేరబెట్టినప్పుడు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. ఎక్కువ చల్లితే మాత్రం చెక్క మెత్తబడిపోతుంది, నూనె మసకగా వస్తుంది, కాగబెట్టినప్పుడు చిటపటలాడుతుంది. ఎంత చల్లాలనేది చేతికి తెలియాలి, అదే మా పనితనం.

ఆ షాట్‌కి నేను రెండు వరుసలు రాశా. మొదటిది 'కొంచెం నీళ్లు చల్లుతున్నాం'. రెండోది 'పిండి ముద్ద కడితేనే నూనె విడుస్తుంది, తడి చెక్కలోకి పోతుంది'. స్టూడియో అబ్బాయి ఆ రెండు వరుసల్నీ తీసుకెళ్లి తెర అడుగున పెట్టాడు. వాళ్ల కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనిపించింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కించాక రెండో వరుస మీద అకౌంటు పేరు, కింద రాసిన వివరణ, పాట పేరు వచ్చి కూర్చున్నాయి. కుడి పక్క లైకు, షేరు గుర్తులు ఇంకో నాలుగు అక్షరాలు మింగేశాయి. చూసేవాళ్లకు మిగిలింది ఏంటయ్యా అంటే, నూనె గానుగ, అందులో నీళ్లు చల్లుతున్న నా చెయ్యి, కింద 'కొంచెం నీళ్లు చల్లుతున్నాం'!

ఇక చూడండి. 'కల్తీ చేస్తూ వీడియో కూడా పెడతారా' అని కామెంట్లు. మా పాత గిరాకీ పెద్దాయన ఒకరు ఫోన్ చేసి 'ఏం నాయనా, నూనెలో నీళ్లు పోస్తా ఉండారంట?' అని అడిగారు. ఆయన మా నాన్న కాలం నుంచి మా దగ్గరే తీసుకుంటారు. ఆయనకు సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం నాకు చచ్చేంత సిగ్గనిపించింది. స్టూడియోకి ఫోన్ చేస్తే 'వ్యూస్ వస్తున్నాయి కదన్నా, మంచిదే' అన్నాడు. ఇట్లాంటోడికి ఏం చెప్తాం?

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి. రీల్ కింద రాసే వివరణను తర్వాత కూడా దిద్దుకోవచ్చు. వీడియోలో అచ్చయిపోయిన అక్షరాల్ని మాత్రం దిద్దలేం, రీల్ తీసేసి మళ్లీ పెట్టాల్సిందే. వచ్చిన వ్యూస్ పోతే పోయాయని నేను తీసేశా.

రెండోసారి మా మేనల్లుడు, నేను కూర్చుని చేసుకున్నాం. ప్రకటనల రీల్స్‌కి ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున ఖాళీ వదిలెయ్యాలి. మామూలు రీల్‌కి కూడా అదే పాటించాం. అంటే కింది మూడో వంతులో అక్షరం ముక్క ఉండకూడదు. తెలుగుకి ఇంకో జాగ్రత్త కూడా కావాలి, వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుంటాయి.

మాటల వరుస కూడా తిప్పేశాం. కారణం ముందు, పని తర్వాత. 'పిండి ముద్ద కడితేనే నూనె విడుస్తుంది' అని మొదట చెయ్యి కనపడక ముందే వస్తుంది. చెయ్యి వచ్చాక 'అందుకే ఈ కాస్త తడి'. ఆ వెంటనే ఆరిన చెక్కను చేత్తో విరిచే షాట్ కలిపాం, 'ఆ తడి ఇందులోకి పోయింది' అని. ఇప్పుడు ఎక్కడ ఆపి చూసినా, ఏ ముక్క స్క్రీన్‌షాట్ తీసినా తప్పుడు అర్థం రాదు. ఒక్కో మాట ఎంతసేపు ఉండాలో తేల్చడానికి మా అమ్మకు సౌండు లేకుండా చూపించి, పైకి చదవమన్నాం. ఆమె చదివేలోపు మాట మాయమైతే షాట్ పొడిగించాం, పొడిగించడానికి లేకపోతే మాట తగ్గించాం. సీసాలకు పట్టే షాట్ మీద అసలు ఏమీ రాయలేదు. కనిపిస్తున్నదాన్నే మళ్లీ రాయడం దండగ.

కింద వివరణలో మొదటి వరుస ఒక్కటే అందరికీ కనపడుతుంది కాబట్టి ఊరు, ధర అక్కడే పెట్టేశా. లైసెన్సు నంబరు ఆ తర్వాత. పెద్దాయనకు కొత్త రీల్ నేనే పంపించా, 'ఇది ముందే పెట్టుంటే పోయేది కదా' అన్నారు.

స్టూడియో అబ్బాయి మిగతా డబ్బులకు ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఇవ్వను.