ట్యాంకు నీళ్లు వదిలి చూస్తే టెస్టింగ్ అయిపోదు

మస్కట్‌లో మా సైట్లలో ఇంజనీరు వచ్చి నీళ్ల పైపుల ప్రెషర్ గేజ్ చూసి సంతకం పెట్టేదాకా బాత్రూం గోడ మీద తాపీ పడనివ్వరు. శ్రీకాకుళం కుర్రాళ్లు, మలయాళీలు, ఎవరు పైపు వేసినా ఇదే రూలు. మొన్న లీవులో పెందుర్తి వస్తే మా బావ ఇల్లు కడుతున్నాడు, కింద ఒక పోర్షను పైన ఒక పోర్షను, సీపీవీసీ ప్లాస్టిక్ పైపులన్నీ గోడ గాడుల్లో కూర్చోబెట్టేశారు, రేపే ప్లాస్టరింగ్ అన్నారు. టెస్ట్ చేశావా తమ్ముడూ అని ప్లంబర్‌ని అడిగితే "ట్యాంకు నీళ్లు వదిలి రాత్రంతా ఉంచాం అన్నా, చుక్క కూడా కారలేదు" అన్నాడు. నిజమే చెప్పాడు, కాకపోతే దాన్నిబట్టి జాయింట్ బాగుందని అనుకోడానికి లేదు.

ఎందుకంటే నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే చదరపు సెంటీమీటరుకి 1 కేజీ ప్రెషర్ వస్తుంది. వాళ్ల ట్యాంకు నుంచి కింద బాత్రూంకి మహా అయితే 7 మీటర్లు, అంటే ముప్పావు కేజీ కూడా లేదు. సీపీవీసీ ఫిట్టింగ్ లోపల కొంచెం సన్నబడుతూ వెళ్తుంది, అతికించే సొల్యూషన్ రాయకుండా పైపు దూర్చినా సగం దాకా వెళ్లి బిగుసుకుంటుంది. పాతిక జాయింట్లు డ్రైగా అమర్చి చూసుకుని తర్వాత ఒక్కోటి తీసి సొల్యూషన్ రాస్తూ పోతే మధ్యలో ఒకటి మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది, అది ముప్పావు కేజీకి ఆగిపోతుంది కూడా. తర్వాత గీజర్ వేడి నీళ్లు రోజూ పోతుంటే పైపు సాగడం ముడుచుకోవడం జరిగి ఆ జాయింట్ కదిలిపోతుంది, ఎన్నో నెలలకి టైల్ వెనక చెమ్మ కనిపిస్తుంది, అప్పుడు టైల్స్ పగలగొట్టాలి.

అందుకే బావతో ప్లాస్టరింగ్ ఒక్కరోజు ఆపించి టెస్టింగ్ పంపు అద్దెకి తెప్పించాను. చివరి జాయింట్ వేసి 24 గంటలు దాటింది కాబట్టి సొల్యూషన్ ఆరిపోయింది. ట్యాపు పాయింట్లన్నిటికీ డెడ్ ప్లగ్గులు బిగించి, గీజర్ దగ్గర వేడి పాయింటుకి చల్ల పాయింటుకి మధ్య ఫ్లెక్సిబుల్ పైపు కలిపాం, ఇలా చేస్తే రెండు లైన్లూ ఒకేసారి నిండుతాయి. పైన షవర్ ప్లగ్గు లూజు చేసి గాలంతా పోయాక బిగించాం. కంప్రెసర్‌తో గాలి కొట్టి టెస్ట్ చేద్దాం అని అక్కడ ఒకరన్నారు, అది మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, గాలి నొక్కుకుని ఉంటుంది కాబట్టి ఫిట్టింగ్ పగిలితే ముక్కలు ఎగిరి మనుషులకి తగులుతాయి.

పంపుతో నీళ్ల ప్రెషర్ 10 కేజీలకి కొట్టాం. ఎస్‌డీఆర్ 11 రకం సీపీవీసీ పైపు చల్లనీళ్లకి దాదాపు 28 కేజీలు తట్టుకుంటుంది కాబట్టి ఇది దానికి భారం కాదు, కానీ అదే పైపు 82 డిగ్రీల వేడిలో 7 కేజీలకే పడిపోతుంది, ఇది గుర్తుంచుకోండి. ముల్లు మొదట కొంచెం దిగింది, పైపు సాగుతుంది, మిగిలిన గాలి నొక్కుకుంటుంది, అది మామూలే, మళ్లీ 10కి తెచ్చి గేజ్ అద్దం మీద మార్కర్‌తో గీత గీశాం. పది నిమిషాలకి 9, ఇంకో పావుగంటకి 8కి దగ్గర, ఆగట్లేదు. దిగి దిగి ఒకచోట ఆగితే గాలో, చల్లబడటమో అనుకోవచ్చు, ఇలా ఆగకుండా దిగుతుంటే మాత్రం కారుతున్నట్టే. పంపుకీ గేజ్‌కీ మధ్య బాల్ వాల్వ్ కట్టేసినా దిగుతూనే ఉంది, అంటే పంపు తప్పు కాదు. అప్పుడు ఫ్లెక్సిబుల్ పైపు తీసేసి పంపు ఒక్కో లైనుకి విడిగా పెట్టాం, చల్ల లైను నిలబడింది, వేడి లైను దిగింది.

ఇక ఆ లైను జాయింట్లన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కోదానికి టిష్యూ కాగితం చుట్టి చూసుకుంటూ వెళ్లాం. గీజర్ కింద ఎల్బోకి గోడవైపు, కంటికి కనపడని చోట, కాగితం తడిసింది. సొల్యూషన్ సరిగ్గా రాసిన జాయింట్ నోటి దగ్గర పసుపు రంగు రింగు చుట్టూ కనపడుతుంది, దీనికి ఒకవైపు అసలు లేదు, డ్రైగా వదిలేసిందే.

ఆ ఎల్బో మళ్లీ పనికిరాదు. నీళ్లు పూర్తిగా దించి, రెండువైపులా కోసి, లోపల తుడిచి ఆరబెట్టి, కొత్త ఎల్బో రెండు కప్లర్లతో వేశాం, తడి ఉంటే సొల్యూషన్ పట్టదు. పైపుకి దండిగా, ఫిట్టింగ్ లోపల పల్చగా రాసి, పావు తిప్పు తిప్పుతూ దూర్చి అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి, వెంటనే వదిలేస్తే పైపు వెనక్కి తోసుకొస్తుంది.

మర్నాడు పొద్దున్నే, ఎండ పడకముందు, మళ్లీ 10 కేజీలు పెట్టి రెండు గంటలు చూశాం, ముల్లు గీత మీదే ఉంది. ఎండ తగిలితే నీళ్లు వేడెక్కి ముల్లు పైకి పోతుంది, చిన్న లీకుని అది దాచేస్తుంది. తర్వాత ప్రెషర్ 3 కేజీలకి దించి గేజ్ అలాగే ఉంచేశాం, టైల్స్ పని అయ్యేదాకా తియ్యొద్దని బావకి చెప్పాను. కరెంటు వాళ్లు ఉలితో పైపుకి దెబ్బ తగిలించినా, డ్రిల్లు పడినా ముల్లు అక్కడికక్కడే సున్నాకి పోతుంది, ఏ రోజు ఎవరి పనిలో జరిగిందో అప్పుడే తెలుస్తుంది.