పిండిలో రెండు పురుగులు: ఎవరు మిగులుతారో లెక్క కట్టిన కథ

ఎమ్మెస్సీ మ్యాథ్స్ ప్రాజెక్టుకి నేను తీసుకున్నది పోటీ జాతుల నమూనా. ఒకే తిండి మీద బతికే రెండు జాతుల్ని ఒకచోట వదిలితే రెండూ మిగులుతాయా, ఒకటి తుడిచిపెట్టుకుపోతుందా అన్నది ప్రశ్న. షికాగోలో థామస్ పార్క్ అనే శాస్త్రవేత్త రెండు రకాల పిండి పురుగుల్ని, ట్రైబోలియం కాస్టేనియం, ట్రైబోలియం కన్ఫ్యూజం అనేవాటిని, ఒకే పిండిలో పెంచి చూశాడు. 1948లోనూ 1954లోనూ ఫలితాలు ప్రచురించాడు. మన డబ్బాల్లో పట్టే పురుగులే కాబట్టి ఈ ఉదాహరణ నాకు నచ్చింది.

సమీకరణాలు లోట్కా, వోల్టెరా ఇచ్చిన రూపంలోవే. అంకెలు మాత్రం పార్క్ కొలతలు కావు, చేత్తో లెక్క తేలేలా నేను వేసుకున్నవి. x, y అంటే రెండు జాతుల సంఖ్యలు, x', y' అంటే అవి మారే రేట్లు.

```
x' = x(4 - x - 2y)
y' = y(3 - x - y)
```

రెండూ ఒకేసారి సున్నా అయ్యే చోట్లే సమస్థితి బిందువులు. (0,0), (4,0), (0,3) చూడగానే తెలుస్తాయి. బ్రాకెట్లు రెండూ సున్నా అనుకుంటే నాలుగోది (2,1) వస్తుంది.

ఇంతవరకూ చూపించగానే మా గైడ్ అడిగారు: "(2,1)లో రెండు జాతులూ ఉన్నాయి కదమ్మా, అంటే కలిసి బతుకుతాయనేనా?"

"ఉండగలవు సార్, కానీ కాస్త కదిపితే మళ్ళీ అక్కడికే వస్తాయో లేదో చూడాలి" అన్నాను.

అది చెప్పేది జాకోబియన్ మాత్రిక. (2,1) దగ్గర దాని మొదటి వరస -2, -4. రెండో వరస -1, -1. నిర్ధారకం 2 - 4 = -2. ఒక్కో దిశలో ఆ కదలిక ఎంత రేటున పెరుగుతుందో, తగ్గుతుందో చెప్పేవి ఐగెన్ విలువలు. నిర్ధారకం రుణాత్మకం అంటే వాటిలో ఒకటి ధనాత్మకం, ఒకటి రుణాత్మకం. ఇక్కడ అవి సుమారు 0.56, -3.56. అంటే ఇది జీను బిందువు: ఒక దిశలో దగ్గరికి లాక్కుంటుంది, ఇంకో దిశలో బయటికి తోసేస్తుంది. కాగితం మీద సమస్థితి ఉన్నా అక్కడ నిలవడం జరగదు.

నాకు బాగా ఉపయోగపడింది మాత్రం అక్షాల మీది బిందువులు. (4,0) దగ్గర x ఒక్కటే ఉంది. అక్కడికి బహు కొద్ది y పురుగులు వచ్చి పడితే పెరుగుతాయా? y బ్రాకెట్‌లో వేస్తే 3 - 4 = -1. పెరగవు. (0,3) దగ్గర x బ్రాకెట్ 4 - 6 = -2. అదీ చొరబడలేదు. ఆ -1, -2 వేరే ఏవో కావు, ఆయా బిందువుల్లో జాకోబియన్ ఐగెన్ విలువలే. రెండూ చొరబడలేకపోతే ముందు ఎవరు ఎక్కువున్నారన్నదే గెలుపును తేలుస్తుంది. ఒకటే చొరబడగలిగితే, ఎలా మొదలుపెట్టినా గెలుపు దానిదే.

తర్వాత మొదటి సమీకరణంలో రెండు గుణకాలు తారుమారు చేశాను.

```
x' = x(4 - 2x - y)
```

ఇప్పుడు x తన సొంత రద్దీని 2 చొప్పున భరిస్తుంది, y వల్ల పడే దెబ్బ 1 మాత్రమే. x ఒక్కటే ఉండే బిందువు (2,0); అక్కడ y రేటు 3 - 2 = 1. (0,3) దగ్గర x రేటు 4 - 3 = 1. రెండూ చొరబడగలవు. లోపలి బిందువు (1,2) దగ్గర ట్రేస్ -4, నిర్ధారకం 2, అంటే స్థిరం. వృద్ధి రేట్లు 4, 3 అలాగే ఉన్నాయి, అయినా ఫలితం తిరగబడింది. ఈ రెండు సందర్భాల తేడా అంతా ఒక్క పోలికలో ఉంది: ఎవరి రద్దీ వాళ్ళకి చేసే నష్టం ఎక్కువా, పక్కవాళ్ళకి చేసే నష్టం ఎక్కువా?

కంప్యూటర్‌లో గీసి సరిచూసేటప్పుడు ఒక తిరకాసు ఉంది. పాత సమీకరణాలతో (2.001, 1) నుంచి మొదలుపెట్టి t = 5 దాకా గీస్తే గీతలు రెండూ తిన్నగా కనిపిస్తాయి, కలిసి బతికేస్తున్నట్టే ఉంటుంది. 0.56 చిన్న రేటు, తేడా బయటపడటానికి టైమ్ పడుతుంది. అదే గ్రాఫ్‌ని t = 25 దాకా పొడిగిస్తే y దాదాపు సున్నాకి పడిపోయి x 4కి చేరుతుంది. గీత నిలకడగా ఉందని నమ్మేముందు చిన్న ఐగెన్ విలువ చూసుకుని అందుకు తగ్గంత సేపు నడపాలి.

పార్క్ ఫలితాల దగ్గరికొస్తే, 34 డిగ్రీలు, 70 శాతం తేమలో ఎప్పుడూ కాస్టేనియం గెలిచింది. 24 డిగ్రీలు, 30 శాతం తేమలో ఎప్పుడూ కన్ఫ్యూజం. వాతావరణం మారితే గుణకాలు మారతాయనుకుంటే ఈ రెండూ నమూనాలో ఇముడుతాయి. మధ్యరకం వాతావరణాల్లోనే చిక్కు. ఒకే సంఖ్యలతో మొదలుపెట్టిన సీసాల్లో కొన్నింట ఒకటి, కొన్నింట మరొకటి మిగిలింది. నా సమీకరణాలకి ఒకే మొదలుంటే ఒకటే ముగింపు. జీను బిందువు గుండా పోతూ ఒకరి గెలుపునీ మరొకరి గెలుపునీ విడదీసే సరిహద్దు గీతకి దగ్గర్లో ఉంటే, కొద్దిపాటి పురుగుల పుట్టుక చావుల్లోని యాదృచ్ఛికత అటో ఇటో తోసేయగలదని కొంతవరకు చెప్పొచ్చు. ఎన్ని సీసాల్లో ఎవరు గెలుస్తారన్నది మాత్రం ఈ నమూనాతో రాదు. దానికి సంభావ్యతతో నడిచే నమూనా కావాలి.