పాస్ట్ టెన్సులకి ఒక గంట

పిల్లలకి గ్రామర్ టెస్ట్ దగ్గర పడింది, అందుకని ఇవాళ ట్యూషన్‌లో గంటసేపూ పాస్ట్ టెన్సుల రివిజనే. పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్‌ని ప్లాన్‌లోంచి ముందే తీసేశాను. సింపుల్ పాస్ట్, కంటిన్యువస్, పర్ఫెక్ట్ ఈ మూడూ కుదురుకోకుండా నాలుగోది నెత్తిన పెడితే ఉన్నది కూడా పోతుంది.

ఎక్సర్‌సైజులు తేలిక నుంచి కష్టానికి లెవెల్స్‌గా పెట్టాలనగానే కష్టమైన వెర్బులు వెతుకుతారు చాలామంది. నాకు అది నచ్చదు. కష్టమైన వెర్బు ఇస్తే తెలిసేది స్పెల్లింగే. నేను గో, సీ, లీవ్, ప్లే లాంటివే చివరిదాకా ఉంచి, వాక్యంలో ఉన్న ఆసరాలు ఒక్కొక్కటీ లాగేస్తాను. మొదట్లో యెస్టర్‌డే లాంటి మాట పక్కనే ఉంటుంది. తర్వాత వెన్, వైల్ మాత్రమే. ఆఖరికి అర్థం తప్ప ఇంకేమీ ఉండదు.

మొదటి పది నిమిషాలూ డిడ్‌కే పోయాయి. ఎనిమిది చిన్న వాక్యాలు, ఒక్కోదాన్నీ నాట్‌తో ఒకసారి, ప్రశ్నగా ఒకసారి మార్చాలి. "హి డిడ్ నాట్ వెంట్" ఇంకా వస్తూనే ఉంది. డిడ్ వచ్చాక పాస్ట్ సంగతి అదే చూసుకుంటుంది, వెర్బ్ ముట్టుకోవద్దు అని మళ్ళీ చెప్పాను.

తర్వాతి పావుగంట వెన్, వైల్. "వైల్ వి వర్ ప్లేయింగ్, ఇట్ స్టార్టెడ్ టు రెయిన్" లాంటివి గబగబా చేసేశారు. అర్థమయ్యే చేశారా, వైల్ కనపడగానే ఐఎన్‌జీ తగిలించారా తెలియాలిగా. అందుకే మధ్యలో ఒకటి ఇరికించాను: "వెన్ హి ఆస్క్డ్ మి, ఐ..." తర్వాత ఖాళీ, ఇచ్చిన వెర్బ్ నో. సగంమంది "వాజ్ నోయింగ్" అన్నారు. తెలియడం, ఇష్టపడటం పనులు కావు, స్థితులు. వాటికి కంటిన్యువస్ అతకదు, "న్యూ" అనాల్సిందే.

అసలు సరుకు మూడో భాగంలో ఉంది, దానికి ఇరవై నిమిషాలు. బోర్డు మీద ఒకే వాక్యం రాశాను: "వెన్ ద టీచర్ కేమ్ ఇన్, ద చిల్డ్రన్..." ఖాళీ, వెర్బ్ లీవ్. ముగ్గురు మూడు జవాబులు చెప్పారు: లెఫ్ట్, వర్ లీవింగ్, హాడ్ లెఫ్ట్. మూడూ కరెక్టే అనేసరికి ఒకడు, "అదేంటి టీచర్, పరీక్షలో ఏది రాయాలి?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"టీచర్‌కి పిల్లలు కనపడ్డారా లేదా? అది చెప్పు ముందు" అన్నాను. హాడ్ లెఫ్ట్ అంటే ఆవిడ వచ్చేసరికే గది ఖాళీ. వర్ లీవింగ్ అంటే అప్పుడే బయల్దేరుతున్నారు, గుమ్మంలో ఎదురయ్యారు. లెఫ్ట్ అంటే ఆవిడ వచ్చాక లేచి వెళ్ళారు. ఇప్పుడు ఆ వాక్యం పక్కన "ద రూమ్ వాజ్ ఎంప్టీ" అని చేర్చాను. మారు మాట లేకుండా అందరూ హాడ్ లెఫ్ట్. అది తుడిచి "షి స్టాప్డ్ దెమ్ ఎట్ ద డోర్" అని రాస్తే వర్ లీవింగ్ అన్నారు. లెఫ్ట్‌కి తగిన పక్క వాక్యం మాత్రం వాళ్ళనే రాయమన్నాను. "షి వాంటెడ్ టు క్లీన్ ద రూమ్" అని రాసింది వెనక కూర్చునే అమ్మాయి. ఎప్పుడూ నోరు విప్పదు, ఆలోచన మాత్రం ఇదీ!

బిఫోర్ ఉన్న వాక్యాలకి మార్కులు పెట్టలేదు. "ద ట్రైన్ లెఫ్ట్ బిఫోర్ వి రీచ్డ్ ద స్టేషన్" అన్నా తప్పు కాదు, హాడ్ లెఫ్ట్ అన్నా తప్పు కాదు. ఏది ముందో బిఫోర్ ఎలాగూ చెప్పేస్తోంది. గైడ్లలో మాత్రం హాడ్ ఉన్నదే జవాబుగా కనిపిస్తుంటుంది. టెస్ట్‌లో హాడ్ రాసెయ్యండి, ఎవరూ కొట్టెయ్యరు అన్నాను. వ్యాకరణం ఒకటి, మార్కులు ఒకటి, ఏం చేస్తాం.

చివరి పావుగంటలో నిన్నటి సాయంత్రం గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. ఇక్కడ జబ్బు తిరగబడింది. ఇందాకటి ఊపులో ఒకడు "ఐ హాడ్ కమ్ హోమ్, ఐ హాడ్ ఈటెన్, ఐ హాడ్ స్లెప్ట్" అని వరసపెట్టి హాడ్‌లు దంచాడు. జరిగినవి జరిగిన వరసలోనే చెబుతుంటే సింపుల్ పాస్ట్ చాలు, కథ వెనక్కి అడుగేసినచోటే హాడ్ కావాలి. వాడి పేరాలో అలాంటి చోటు ఒక్కటీ లేదు. అందుకే "ఐ కుడ్ నాట్ ఓపెన్ ద డోర్" అని ఒక వాక్యం చేర్చి, ఎందుకో రాయమన్నాను. "బికాజ్ ఐ హాడ్ లాస్ట్ ద కీ" అని రాసి, పైన ఉన్న మూడు హాడ్‌లూ వాడే కొట్టేశాడు.

అప్పటికే టైమైపోయింది. మిగిలినవాళ్ళ పేరాలు ఇంటికి తెచ్చుకున్నాను. దిద్దేటప్పుడు హాడ్‌లకి మాత్రమే ఎర్ర గీత పెట్టి, స్పెల్లింగులు ఈసారికి వదిలేస్తాను.